డిశ్చార్జి రోజు గుండె బాగుందన్నారు, 12వ రోజున మర్మర్ అంటున్నారు. ఇదెలా?

కొత్త నాన్న
మా పాప పుట్టి 12 రోజులైంది. డిశ్చార్జి రోజు డాక్టరు గుండె విని ఏమీ లేదన్నారు. కాలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తే 98 వచ్చింది. నిన్న చెకప్‌కి వెళ్తే మర్మర్, అంటే గుండెలో అదనపు చప్పుడు, వినిపిస్తోందన్నారు. వెంటనే గుండెకు ఎకో స్కాన్ తీశారు. రిపోర్టులో 4 మి.మీ. పెరిమెంబ్రేనస్ వీఎస్‌డీ, రక్తం ఎడమ నుంచి కుడికి వెళ్తోంది, గ్రేడియంట్ 20 అని రాశారు. నాలుగు వారాలాగి రమ్మన్నారు. గుండెలో రంధ్రం అని చెప్పి నెల రోజులు ఆగమంటే ఎలాగండీ? ముందు విన్న డాక్టరు సరిగ్గా వినలేదా? పాప నీలంగా అయితే ఏం చేయాలి?

సుజాత
టెన్షన్ పడకండి బ్రదర్. మా బాబుకీ ఇదే. శబ్దం చాలా గట్టిగా ఉందన్నారు, అంటే పెద్ద రంధ్రమే కదా. అయినా రెండేళ్ళు నిండేసరికి దానంతట అదే మూసుకుపోయింది. ఆసుపత్రుల చుట్టూ తిరగకండి, అదే పోతుంది.

ఎకో గది
పిల్లల గుండె విభాగంలో ఎకో తీయడం నా పని. మీ పాపను నేను చూడలేదు కాబట్టి చివరి మాట మీ డాక్టరుదే.

మొదటి డాక్టరు సరిగ్గానే విని ఉంటారు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులకు పని ఉండదు, వాటి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. పుట్టిన కొత్తలో కూడా గుండె కుడి వైపు ఒత్తిడి ఎడమ వైపుతో దాదాపు సమానంగా ఉంటుంది. మధ్య గోడలో రంధ్రం ఉన్నా అప్పుడు రక్తం పెద్దగా దాటదు, కాబట్టి చప్పుడూ ఉండదు. రోజులు గడిచేకొద్దీ ఆ నాళాలు వదులవుతాయి, కుడి వైపు ఒత్తిడి తగ్గుతుంది, ఎడమ వైపు రక్తం రంధ్రంలోంచి అటు దూకడం మొదలవుతుంది. అది ఊపిరితిత్తులు తిరిగి వచ్చిన మంచి ఎర్ర రక్తమే కాబట్టి మీ పాపకు 98 వచ్చింది. ఒట్టి వీఎస్‌డీతో పసిబిడ్డ నీలంగా మారదు. అసలు ఇబ్బంది ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువై పోవడం.

సుజాత గారూ, మీ బాబుది మూసుకుపోయినందుకు సంతోషం. కానీ శబ్దం లెక్క తిరగేసి ఉంటుంది. పైపు చివర వేలు అడ్డం పెడితే నీళ్ళు జివ్వుమని ఎగిరినట్టే, చిన్న రంధ్రంలోంచి వెళ్ళే రక్తమే ఎక్కువ చప్పుడు చేస్తుంది. పెద్ద రంధ్రం ఒక్కోసారి మెత్తగా వినిపిస్తుంది. మీ బాబుది గోడ కండరం భాగంలో ఉండే చిన్నది అయి ఉండొచ్చు, అవి చాలావరకు మొదటి ఒకటి రెండేళ్ళలో మూసుకుంటాయి. పెరిమెంబ్రేనస్‌ది, అంటే గోడలో పలచటి పొర దగ్గరిది, కూడా పక్కనున్న కవాటం పొర కప్పుకుని చిన్నదవచ్చు, కానీ అంత నమ్మకంగా చెప్పలేం. పైగా అది ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం అయోర్టా కవాటానికి ఆనుకుని ఉంటుంది. చిన్నదైనా ఆ కవాటం రెక్క అందులోకి జారి లీకు మొదలయ్యే అవకాశం ఉంది, అందుకే చెకప్‌లు మానకూడదు.

సుజాత
అవునండీ, మావాడి రిపోర్టులో మస్క్యులర్ అనే ఉంది. ఆ తేడా నాకు తెలియదు.

రమణి
నీలం గురించి అడిగారు కదా. మా మరిది కొడుకు ఏడిస్తే పెదాలు నల్లగా అయిపోయేవి. మోకాళ్ళు ఛాతీకి నొక్కి పట్టుకోమని నేర్పించారు. మీరూ నేర్చుకోండి అన్నా.

ఎకో గది
రమణి గారూ, మీరు చెబుతున్నది బహుశా టెట్రాలజీ. అందులోనూ రంధ్రం ఉంటుంది గానీ, ఊపిరితిత్తులకు వెళ్ళే దారి ఇరుకుగా ఉంటుంది, అందుకే నీలం. ఈ పాప రిపోర్టు అలాంటిది కాదు. పెదాలు నీలంగానో బూడిదరంగుగానో మారితే మాత్రం, కారణం ఏదైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

ఇక గ్రేడియంట్ 20 సంగతి. రెండు గదుల ఒత్తిడికి మధ్య తేడా అది. చిన్న రంధ్రమైతే మున్ముందు తేడా బాగా పెరగాలి. ఇప్పుడు తక్కువగా ఉండడానికి రంధ్రం పెద్దది కావడం ఒక కారణం కావచ్చు, ఊపిరితిత్తుల ఒత్తిడి ఇంకా దిగకపోవడం ఇంకో కారణం కావచ్చు. 12వ రోజున రెంటిలో ఏదో ఎవరూ తేల్చలేరు. నాలుగు వారాలు ఆగమన్నది అందుకే.

చిన్నోడి నాన్న
ఆ నాలుగు వారాల్లో ఏం చూడాలో నేను చెప్తాను. మావాడిది పెద్ద రంధ్రం. నెల వరకు హాయిగా తాగాడు. తర్వాత సీసాలో 60 మి.లీ. పోస్తే 20 తాగి ఆయాసపడి వదిలేసేవాడు. నుదుటి మీద, తల వెనక చెమట. కాసేపు నిద్రపోయి మళ్ళీ ఆకలికి లేచేవాడు. నిద్రమత్తు అనుకునేవాళ్ళం, నిజానికి అలసట.

నిద్రలో ఉన్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది, పసిబిడ్డల ఊపిరి ఒక తీరుగా ఉండదు. పదేపదే 60 దాటుతుంటే డేట్ కోసం ఆగకుండా ఫోన్ చేయండి. అన్నిటికంటే ముఖ్యం బరువు. ఒకే తూకం మీద, బట్టలు లేకుండా, వారానికొకసారి చూడండి. రోజూ తూచితే పిచ్చెక్కుతుంది.

ఎకో గది
బరువు మాట నిజం. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. పాప ఇప్పుడు 3 కిలోలుంటే 28 రోజుల్లో సుమారు 3.6 నుంచి 3.8 కావాలి.

కొత్త నాన్న
నాలుగు వారాలైంది. 3 కిలోల నుంచి 3.42కి వచ్చింది, అంటే రోజుకు 15 గ్రాములే. పాలు తాగేటప్పుడు చెమట పడుతోంది. ఎకోలో గ్రేడియంట్ 24, గుండె ఎడమ వైపు గదులు కాస్త పెద్దవయ్యాయన్నారు. ఫ్యూరోసెమైడ్ చుక్కలు రాశారు, పాలలో కేలరీలు పెంచే పద్ధతి చెప్పారు. మందుతో సర్దుకుంటే ఆపరేషన్ తప్పుతుందా?

చిన్నోడి నాన్న
మావాడికి ఆ చుక్కలతో ఆయాసం తగ్గింది గానీ బరువు రాలేదు. ఐదో నెలలో ఆపరేషన్ చేసి మూశారు. నన్నడిగితే ఇంకా ముందే చేయించాల్సింది.

సుజాత
అంత చిన్న పాపకి గుండె ఆపరేషనా? ఏడాది నిండితే బలం వస్తుంది కదా, అప్పటిదాకా మందుతో లాగలేమా?

ఎకో గది
చుక్కలు ఊపిరితిత్తుల్లో చేరిన నీటిని దించుతాయి, రంధ్రాన్ని మూయవు. ఆ వ్యవధిలో రంధ్రం చిన్నదై, బరువు పెరిగితే ఆగుతారు, అలా ఆగినవాళ్ళనూ చూశాను. నిజంగా పెద్దదైతే ఏడాదిదాకా ఆగడం మంచిది కాదు సుజాత గారూ. అంత రక్తం తాకిడికి ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడతాయి. ఒక దశ దాటితే రంధ్రం మూసినా అవి మామూలు కావు. నాళాలు అలా గట్టిపడేకొద్దీ రంధ్రం దాటే రక్తం తగ్గి శబ్దం తగ్గుతుంది, బిడ్డ కూడా కాస్త కుదురుకున్నట్టు కనిపిస్తుంది, చూసేవాళ్ళు నయమైందనుకుంటారు.

మూడో నెలా, ఐదో నెలా అన్నది ఒక్క నంబరు మీద తేలదు. మీ డాక్టర్‌ని ఈ రెండూ అడగండి: ఊపిరితిత్తుల ఒత్తిడి ఇప్పుడు ఎంత ఉంది, బరువు రోజుకు ఎంతకంటే తక్కువ పెరిగితే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. జవాబులు ఇక్కడ పెట్టండి. మందు మొదలెట్టాక పాప ఒంట్లో నీరు తగ్గి బరువు కాస్త పడిపోవచ్చు, మొదటి వారం తూకం చూసి కంగారుపడకండి. డైపర్లు మరీ తక్కువగా తడుస్తుంటే మాత్రం వెంటనే చెప్పండి.