బతుకమ్మ హాల్ తాళం: ఆయన ‘జస్ట్ నౌ’ అంటే మనం ఎన్నింటికి వెళ్లాలి?

హాల్ బాధ్యత:
అందరికీ నమస్తే. జొహానెస్‌బర్గ్ సద్దుల బతుకమ్మకు పనులు పంచుకునే ముందు పోయినేడు జరిగింది ఒకసారి గుర్తు చేస్తా. హాల్ మనకు 2 గంటల నుంచి ఇచ్చారు. 1:40కి కేర్‌టేకర్‌కు ఫోన్ చేస్తే ‘ఐ విల్ కమ్ జస్ట్ నౌ’ అన్నాడు. నేను గ్రూపులో ‘ఇప్పుడే వస్తున్నాడట, అందరూ వచ్చేయండి’ అని పెట్టిన. పదకొండు మందిమి బంతిపూల బుట్టలు పట్టుకొని పార్కింగ్‌లో ఎండకు నిలబడ్డాం. ఆయన 3:25కి నవ్వుకుంటూ వచ్చాడు. సారీ కూడా చెప్పలేదు. నాకు మండింది, మాట కూడా తూలిన.

దాంతో పేర్చడమే ఆలస్యమైంది. ఇక్కడ ఈ నెలలో ఆరు దాటిన కాసేపటికే పొద్దు గూకుతుంది. ఆట మొదలయ్యేసరికి ఏడు దాటింది, చిన్న పిల్లలున్న వాళ్లు ఆడకుండానే సద్ది తిని వెళ్లిపోయారు.

ఈసారి కూడా అదే హాల్, అదే మనిషి. నిన్న మాట్లాడితే ‘మీరు వచ్చాక జస్ట్ నౌ తెరుస్తా, ఎక్స్‌ట్రా టేబుళ్లు కూడా ఎ కపుల్ ఉన్నాయి’ అన్నాడు. ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు దీని అర్థం చెప్పండి.

సౌండ్, లైట్లు:
అన్నా, ఆయన ఆలస్యంగా రాలేదు. తను చెప్పిన మాట ప్రకారమే వచ్చాడు. నేను వచ్చిన కొత్తల్లో మా ఆఫీసులో ఇట్లాగే మోసపోయిన.

ఇక్కడి వాళ్ల ఇంగ్లిష్‌లో ‘నౌ నౌ’ వేరు, ‘జస్ట్ నౌ’ వేరు. ‘నౌ నౌ’ అంటే ఇంకాసేపట్లో, చేతిలో పని అయిపోగానే. ‘జస్ట్ నౌ’ అంటే దానికంటే ఆలస్యం. గంట కావచ్చు, సాయంత్రం కావచ్చు, మరిచిపోతే అంతే. ఒట్టి ‘నౌ’ అన్నా కూడా మనం అనుకునేంత వెంటనే కాదు. ఆఫ్రికాన్స్‌లో ‘నెట్‌నౌ’ అనే మాట ఉంది. దానికి కాసేపటి క్రితం అనీ, కాసేపాగి అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. ఇంగ్లిష్‌లోని వాడుకను దానితోనే కలిపి చెబుతారు.

మనం ఎందుకు పడిపోతామంటే, మన ‘ఇప్పుడే’ కూడా రెండు వైపులా పోతుంది. ‘ఇప్పుడే తిన్నా’ అంటే అయిపోయింది, ‘ఇప్పుడే వస్తా’ అంటే కాబోతోంది. కానీ రెండిట్లోనూ ఈ క్షణానికి దగ్గరే. అందుకే ‘జస్ట్ నౌ’ వినగానే నువ్వు ‘ఇప్పుడే’ అని రాసేసినవ్. నన్నడిగితే దాన్ని ‘వస్తాలే’ అని రాయాల్సింది. ‘వస్తా’కూ ‘వస్తాలే’కూ ఎంత తేడానో మన ఇళ్లల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా.

ఒక గుర్తు మాత్రం పనికొస్తుంది. అయిపోయిన పని గురించి అంటే, ‘హి లెఫ్ట్ జస్ట్ నౌ’ లాగా, అది మామూలుగా మనకు అర్థమయ్యేదే. చేయబోయే పని గురించి అంటేనే జాగ్రత్త.

వంటలు:
తమ్మీ, తెల్లోళ్ల సంగతి పక్కన పెట్టు. మనోళ్ల ‘దారిలో ఉన్నా’ సంగతి ముందు తేల్చు. మా ఆడపడుచు దారిలో ఉన్నా అంటే కుక్కర్ విజిల్ నాకు ఫోన్‌లోనే వినపడుతుంది. ఇంకోటి, పోయినేడు ఒకావిడ ‘మా తరఫున పది పదిహేను మంది వస్తారు అక్కా’ అంటే నేను పదిహేనుకే వండిన. వచ్చింది ఇరవై నాలుగు మంది. పులిహోర గిన్నె అడుగు గీకిన. ఈసారి పేరుపేరునా లిస్టు ఇస్తేనే సద్దులు కలుపుతా.

హాల్ బాధ్యత:
వదినా, ఆ కేర్‌టేకర్ తెల్లాయన కాదు. ఈ మాట ఇక్కడ అన్ని రంగుల వాళ్లూ వాడతారు, డర్బన్‌లో పుట్టి పెరిగిన మన తెలుగువాళ్లు కూడా. లిస్టు సంగతి ఒప్పుకుంటా.

పార్కింగ్ (కొత్తగా వచ్చిన):
అన్నా, టైమ్ అడిగితే ఇంకో చిక్కుంది. ఇక్కడ ‘హాఫ్ సిక్స్’ అంటే ఐదున్నర. నేను అట్ల ఒకసారి గంట లేట్ పోయిన, మా హన్మకొండ దోస్తులు ఇప్పటికీ నవ్వుతారు.

సౌండ్, లైట్లు:
సగమే కరెక్ట్ తమ్మీ. ఆఫ్రికాన్స్‌లో ‘హాల్ఫ్‌సెస్’ అంటే ఐదున్నర, ఆరుకు సగం దూరంలో ఉన్నామని లెక్క. జర్మన్‌లోనూ అంతే. కానీ ఇంగ్లిష్‌లో ‘హాఫ్ సిక్స్’ అంటే ‘హాఫ్ పాస్ట్ సిక్స్’, ఆరున్నర. చిక్కేందంటే ఆఫ్రికాన్స్ ఇంట్లో పెరిగినాయన ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ఏది మనసులో పెట్టుకున్నాడో మనకు తెలియదు. నీతో మాట్లాడినాయనది ఏ భాష?

పార్కింగ్ (కొత్తగా వచ్చిన):
అడగలే అన్నా.

సౌండ్, లైట్లు:
అందుకే నోటిమాట వద్దు. అంకెల్లో మెసేజ్ పెట్టండి, 14:00 అని. అది కూడా ‘2 గంటలకు వస్తారా’ అని కాదు. ‘13:45కి గేటు దగ్గర ఉంటాం, 14:00కి లోపల బల్లలు వేయాలి, మీరు ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరుతారు’ అని అడగండి. బయల్దేరే టైమ్ అడిగితే మనిషి లెక్క వేసుకొని చెబుతాడు. వచ్చే టైమ్ అడిగితే మర్యాదకు ఏదో ఒకటి అంటాడు. మళ్లీ ‘జస్ట్ నౌ’ అంటే కోపం చేసుకోకుండా ‘నౌ నౌనా, జస్ట్ నౌనా’ అని నవ్వుతూ అడిగితే సరి, ఆ తేడా వాళ్లకు బాగా తెలుసు.

పూలు:
నాకు టైమ్ కంటే టేబుళ్లే టెన్షన్. ‘ఎ కపుల్’ అంటే కచ్చితంగా రెండేనా? బతుకమ్మలు పదమూడు పేరుస్తున్నాం, పళ్లేలు పెట్టడానికి కనీసం నాలుగు బల్లలు కావాలి. మన ‘ఒకట్రెండు’ అంటే ఒకటే అయినా అయ్యుండొచ్చు, ‘రెండు మూడు’ అంటే నాలుగైనా ఉంటాయి. వాళ్ల కపుల్ ఎటు పోతుంది?

సౌండ్, లైట్లు:
కొందరికి రెండే, కొందరికి రెండు నాలుగు మధ్య ఎంతైనా. బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ ఇదే తగాదా. నేను చెప్పలేను అక్కా, లెక్కపెట్టి చెప్పమనాలి.

హన్మకొండ నుంచి (వచ్చే వారం వస్తున్నా):
నేను లేటుగా చూస్తున్నా, మీకూ మాకూ మూడున్నర గంటలు తేడా కదా. మా అత్తమ్మ సద్దిలోకి నువ్వులు ‘జర ఎక్కువనే’ వేయమన్నది. ఎంత అని అడిగితే ‘మానెడు’ అన్నది. గ్లాసులో చెప్పమంటే తిట్టింది. మానెడంటే రెండు తవ్వలట, ఆమె దగ్గర ఇత్తడి మానిక ఉంది, అందులో కొలిచి పంపుతానన్నది. గంట కొట్టినట్టు ఒక్క ఆమె లెక్కే కచ్చితంగా ఉంది, మనమే గందరగోళం.

వంటలు:
ఆ మానిక కూడా పట్టుకురా. ఇక్కడ నువ్వులు కిలోల్లో దొరుకుతాయి, మానెడుకు ఎన్ని కిలోలో తూచి చూస్తాం.

హాల్ బాధ్యత:
సరే, ఇప్పటికి ఇట్లా అనుకుంటున్నా. పూలు, బల్లల వాళ్లు 13:45. వంటల వాళ్లు 15:30. ఆట 17:15కి మొదలు, వెలుతురు ఉండగానే మొదటి చుట్టు అయిపోవాలి. తాళం కోసం నేను ఒక్కడినే 13:15కి వెళ్తా, పదకొండు మంది ఎండలో అక్కర్లేదు. గ్రూపులో ఎవరూ ‘దారిలో ఉన్నా’ అని పెట్టొద్దు, ఏ సిగ్నల్ దాటారో రాయండి. ఇది వదిన కోసం.

కేర్‌టేకర్‌కు ఇందాక 14:00 అని అంకెల్లోనే మెసేజ్ పెట్టిన. ఇంటి నుంచి 13:30కి బయల్దేరుతా అన్నాడు. టేబుళ్లు కచ్చితంగా ఎన్ని అని కూడా అడిగిన. జవాబు వచ్చింది: లెక్కపెట్టి జస్ట్ నౌ చెబుతాడట.

పూలు:
నేను రెండు ఫోల్డింగ్ బల్లలు ఇంటి నుంచి తెస్తున్నా.