సింగపూర్‌లో పాపకి తెలుగు నేర్పించడం ఎలా? శనివారంతోనే చిక్కు

అందరికీ నమస్కారం. మేం పుంగోల్‌లో ఉంటాం. పాపకి ఆరేళ్లు, వచ్చే జనవరిలో ప్రైమరీ వన్. ఇక్కడి బడిలో మాతృభాష సబ్జెక్టుగా తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు మాత్రం లేదు. మేం హిందీ అనుకుంటున్నాం. అయితే చాలా బడుల పిల్లలకి హిందీ క్లాసు శనివారం వేరే సెంటర్‌లో జరుగుతుందట. తెలుగు క్లాసూ శనివారమే అయితే ఏం చేయాలి? ఆదివారం నేర్పేవాళ్లు, సెంగ్‌కాంగ్ వైపైతే మరీ మంచిది, ఎవరైనా ఉన్నారా?

ఆన్‌లైన్ క్లాసు మూడు నెలలు చూశాం. పద్యాలు గడగడా చెప్పేస్తుంది. కానీ "కళ్లు" అనమంటే "కల్లు" అంటుంది (వాళ్ల తాతయ్య నవ్వి నవ్వి చచ్చారు). పన్నెండుమంది పిల్లల్లో టీచరు ఎవరి నోరని సరిచేస్తారు? అందుకే ఎదురుగా కూర్చోబెట్టి నేర్పే చోటు కావాలి.

దేవనాగరి, తెలుగు లిపి ఒకేసారి మొదలుపెట్టిన పిల్లలు తికమకపడ్డారా? లేక ముందు తెలుగు గుణింతాలు అయ్యాక హిందీ మొదలుపెట్టారా?

ఇంకొకటి. సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి వెళ్తుంటాం, చవితి పత్రి టెక్కా మార్కెట్లో కొంత దొరికింది. బతుకమ్మకి తంగేడు, గునుగు లేకుండా మీరు ఏ పూలతో పేరుస్తున్నారు? పాప వయసు పిల్లలు ఆడే చోటుంటే చెప్పండి, మేమూ వస్తాం.