కలబంద మట్ట కమిలిందా, వాడిందా?

వేళచ్చేరి, చెన్నై నుంచి ప్రశ్న:
వరండా నీడలో పెరిగిన మా కలబందను ఏప్రిల్‌లో మేడ మీదికి మార్చాము. నెల తిరిగేసరికి మట్టలు పలచబడి, అంచులు లోపలికి ముడుచుకుని, ఇటుక రంగుకు తిరిగాయి. మా అత్తగారు "మొక్క కమిలింది" అంటే, నేను "వాడింది" అన్నాను. ఎండకు ముఖం కమలడం విన్నాను గాని, మట్టకు ఆ మాట చెల్లుతుందా?

జయనగర్, బెంగళూరు నుంచి:
చెల్లుతుంది. మీరిద్దరూ చెప్పింది నిజమే, కాకపోతే రెండు వేర్వేరు సంగతులు. నీడకు అలవాటు పడిన మొక్కను ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే మట్ట తనను కాచుకోవడానికి ఎర్రని రంగును తెచ్చుకుంటుంది, అది కమలడం. గుజ్జులో దాచుకున్న నీటిని మొక్క ఖర్చు చేసుకుంటూ పోతే మట్ట పలచబడుతుంది; అది వాడడం.

తాంబరం నుంచి:
ఇంత చర్చ ఎందుకండీ? ఎర్రబడితే దాహమే. రోజూ ఒక గ్లాసు నీళ్ళు పోయండి.

జయనగర్:
దాహం మాట సగం నిజం. అయితే రోజూ పోసే గ్లాసుడు నీటితో పైమట్టి ఎప్పుడూ తడిగా ఉండి, అడుగు వేర్లకు తేమ అందకపోవచ్చు. పైగా వేర్లు కుళ్ళినా నీరు పైకెక్కక మట్ట ఇలాగే పలచబడుతుంది కనుక, ముందు మొక్కను పెకలించి చూడాలి. వేర్లు గట్టిగా, లేతరంగులో ఉంటే దాహం. నల్లబడి మెత్తగా ఊడివస్తే కుళ్ళు. కుళ్ళిన వేర్లను కోసివేసి, గాయం ఆరడానికి కొన్ని రోజులు నీడలో ఉంచి, ఇసుక కలిపిన పొడిమట్టిలో నాటాలి.

మల్లేశ్వరం నుంచి:
మేము దిష్టికని గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబంద, మట్టీ నీరూ లేకుండానే నెలల తరబడి బ్రతికింది, సన్నబడి ఎర్రబడింది కూడా. దాన్ని ఏమనాలి?

జయనగర్:
అదీ వాడడమే. అయితే ప్రశ్న కుండీలోని మొక్క గురించి.

వేళచ్చేరి, ఆరు వారాల తరువాత:
వేర్లు గట్టిగానే ఉన్నాయి. కుండీని తూర్పు వరండాకు మార్చాము. అక్కడ పది గంటల దాకా ఎండ, ఆ తరువాత వెలుతురున్న నీడ. అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్ళు పోసి, పళ్ళెంలో నిలిచినది పారబోసి, రెండు అంగుళాల లోతున వేలికి తడి తగలనప్పుడే మళ్ళీ పోశాము. ఈ ఎండలకు అది ఎనిమిది, తొమ్మిది రోజులకు ఒకసారి వచ్చింది. వానలు పడితే ఇంకా ఆలస్యమవుతుందనుకుంటాను. రెండవ తడికే మధ్య మట్టలు ఉబ్బాయి గాని, ఎరుపు విరగడానికి నెల దాటింది. అడుగు మట్టలు రెండు మాత్రం తేరుకోకుండా ఎండిపోయాయి. ఒక మట్ట మీద గోధుమరంగు మచ్చ బెరడులా గట్టిపడి అలాగే ఉంది. దాన్ని కమిలింది అనలేమని, అది "మాడింది" అని అత్తగారి తీర్పు.

జయనగర్:
ఆ భేదం బాగుంది. చచ్చిన చర్మం మళ్ళీ పచ్చబడదు. కాని డిసెంబరు చలికి నా కలబంద కూడా కాస్త ఎర్రబడుతుంది. ఎండ వేడి లేని ఆ ఎరుపును కమలడం అనవచ్చునా అన్నది నాకు ఇంకా తేలలేదు.