కదల్చువాడా, కదల్చినవాడా? దొంగతనం నిర్వచనంలో ఒక్క అక్షరం

కృష్ణలంక కుర్రాడు:
పాత శిక్షాస్మృతికి తెలుగు చేసిన పుస్తకం ఒకటి ఎప్పుడో చదివాను. అందులో దొంగతనం నిర్వచనం తోక మాత్రం బుర్రలో మిగిలింది: "...సమ్మతి లేక తీసికొను ఉద్దేశముతో ఆ సొత్తును కదల్చువాడు దొంగతనము చేసినవాడగును". "కదల్చువాడు" అనే ఉందా, "కదల్చినవాడు" అనా? పాత 378, 2024 జులై 1 నుంచి న్యాయసంహితలో 303(1). ఇంగ్లీషు మాట మాత్రం దాదాపు 1860 నాటిదే. దాన్ని వాడుక తెలుగులోకి తెస్తూ సరిగ్గా ఈ అక్షరం దగ్గర ఆగిపోయాను. పుస్తకం ఎవరి దగ్గరైనా ఉందా?

అరసున్న:
పుస్తకం లేదు గానీ, "కదల్చిన" అయ్యుండాలి. తద్ధర్మార్థకం వేస్తే అలవాటు ధ్వనిస్తుంది. పాలు పోసేవాడు, పేకాడేవాడు. "కదల్చువాడు" అంటే అదే పనిగా పెట్టుకున్నవాడు. చట్టానికి ఒక్కసారి కదిలిస్తే చాలు కదా.

పద్యాల పిచ్చి:
అలవాటు అర్థం వాడుకలోని "-ఏ" రూపానికి అంటుకుంది. కావ్యభాషలో "-ఉ" రూపానికి కాలంతో పనే లేదు. "ఎవ్వనిచే జనించు జగము" అన్నాడు పోతన. జగం అలవాటుగా పుడుతోందా అండీ?

అరసున్న:
ప్రతి కల్పంలోనూ పుడుతుంది కాబట్టి అలవాటే 🙂

ఓరుగల్లు వకీలు:
మీరు అక్షరం దగ్గర కొట్టుకుంటున్నారు, అసలు గొడవ వాక్యం పొడవు. తెలుగు అంత బరువు మోయదు. ముక్కలు చేసి పారెయ్యండి. "ఒకరి స్వాధీనంలో చరాస్తి ఉంటుంది. దాన్ని తీసుకోవాలని మరొకరు అనుకుంటారు. యజమాని ఒప్పుకోడు. అతను దాన్ని కదిలిస్తాడు. అది దొంగతనం." నా జూనియర్లకి ఇట్లనే చెప్త. పదో తరగతి పిల్లగాడికి కూడా సమజైతది.

బెంచి గుమాస్తా (విశ్రాంత):
వకీలు గారూ, చెప్పడానికి అది బాగుంది, చట్టంగా నిలవదు. మీ ముక్కల్లో "అనుకుంటారు", "కదిలిస్తాడు" అన్నవి రెండు వేరు వేరు సంఘటనలయ్యాయి. సోమవారం అనుకుని, మనసు మార్చుకుని, శుక్రవారం ఇల్లు ఊడుస్తూ ఆ వస్తువు పక్కకి జరిపినవాడు కూడా మీ వలలో పడతాడు. మూలంలో ఉద్దేశం, కదలిక ఒకే క్షణంలో ఉండాలి. ఆ ముడి ఒకే వాక్యంలో ఉంటేనే బిగుస్తుంది.

కుర్రాడి ప్రశ్నకి వస్తాను. ఇంగ్లీషు వాక్యం "హూఎవర్" అని కర్తతో మొదలై, వెంటనే ఉద్దేశంలోకి దిగి, అక్కడే ఆస్తి, స్వాధీనం, సమ్మతి అన్నీ చెప్పేసి, అప్పుడు "మూవ్స్" అనే అసలు క్రియకి వస్తుంది. అదే వరసలో "ఎవడైతే, ఉద్దేశించుచు..." అని పట్టుకుంటే మనం మునిగిపోతాం. నేను తోక నుంచి మొదలుపెడతాను. చివర "దొంగతనం చేసినట్టు". దానికి ముందు "కదిలించిన వ్యక్తి". ఎందుకు కదిలించాడు? "తీసుకోవాలనే ఉద్దేశంతో". ఎలా తీసుకోవాలని? "ఆ మనిషి సమ్మతి లేకుండా, నిజాయితీ లేకుండా". దేన్ని? "ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని". ఇప్పుడు కింది నుంచి పైకి చదువుకోండి:

"ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని వారి సమ్మతి లేకుండా, నిజాయితీ లేకుండా తీసుకోవాలనే ఉద్దేశంతో, అలా తీసుకోవడం కోసం ఆ ఆస్తిని కదిలించిన వ్యక్తి దొంగతనం చేసినట్టు."

ఇందులో చెడేది రెండు చోట్ల. ఒకటి, "సమ్మతి లేకుండా" ఎక్కడ పెడతారు అన్నది. మన భాషలో అలాంటి మాట తన తర్వాత వచ్చే దగ్గరి క్రియకి అతుక్కుంటుంది. దాన్ని జార్చి "తీసుకోవాలనే ఉద్దేశంతో, వారి సమ్మతి లేకుండా కదిలించిన" అంటే సమ్మతి కదలికకి అంటింది. చీరల కొట్టులో మడత విప్పి చూసుకోమని కొట్టువాళ్లే చెబుతారు. కదిలించడానికి ఒప్పుకున్నట్టే. కొంగు కింద దాచుకుపోవాలనే బుద్ధితోనే చీర అరలోంచి తీసినామె మీ అనువాదంలో తప్పించుకుంటుంది. మూలంలో తప్పించుకోదు, అక్కడ సమ్మతి ఉండాల్సింది పట్టుకుపోవడానికి.

రెండోది "ఉద్దేశించి కదిలించిన". క్త్వార్థకం వేయగానే ముందూ వెనకా వచ్చేస్తుంది. "తిని పడుకున్నాడు" అంటే తినడం అయిపోయింది. ఉద్దేశం అయిపోకూడదు, కదిలించేటప్పుడూ ఉండాలి. అందుకే "ఉద్దేశంతో". ఇంగ్లీషులో "-ఇంగ్" కనపడగానే "-ఇ" వేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పడతారు.

కుర్రాడికి ఇంకో మాట. మీకు గుర్తున్న ముక్కలో "సమ్మతి లేక" ఉంది. చట్టం తెలుగులో "లేక" అంటే "లేదా" అని కూడా. కోర్టులో దాన్ని వాదనకి వాడుకునేవాళ్లు ఉంటారు. "లేకుండా" అనే రాయండి.

కృష్ణలంక కుర్రాడు:
మాస్టారూ, చాలా ఉపయోగం. మరి "కదల్చు" సంగతి?

బెంచి గుమాస్తా (విశ్రాంత):
నేను "-న" పక్షం. కారణం వ్యాకరణం కాదు, ఆ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణలు. బల్ల మీద ఉంగరం చూశాడొకడు. సోదా చేస్తారని భయపడి, అదే ఇంట్లో ఎవరికీ దొరకని చోట దాచాడు, జనం మరిచిపోయాక తీసి అమ్ముకుందామని. ఉంగరం గడప దాటలేదు. అయినా మొదటిసారి కదిల్చినప్పుడే దొంగతనం అయిపోయింది అంటుంది చట్టం. చెట్టు విషయంలోనూ అంతే. నేలలో ఉన్నంతసేపు అది చరాస్తి కాదు, నరికి వేరు చేయగానే నేరం పూర్తి. దీన్నే ఒకాయన "చెట్టును నరికి తీసుకుపోయినచో" అని తెలుగు చేయగా చూశాను. నరకడం క్త్వార్థకంలోకి జారిపోయి, నేరం బండి ఎక్కించేదాకా వాయిదా పడింది! ఒకసారి జరిగి ముగిసిన చర్య కావాలి కాబట్టి "కదిలించిన".

డల్లాస్ బాబాయి:
మంచి చర్చ. మా నాన్నగారి పొలం దస్తావేజు నా దగ్గర ఉంది. రెండు పేజీలు, చుక్క ఒక్కటే. "నాకు పిత్రార్జితముగా సంక్రమించి నా స్వాధీనానుభవములో ఉన్న దిగువ షెడ్యూలు భూమిని తమకు విక్రయించి, సదరు సొమ్ము యావత్తు రొక్కముగా పుచ్చుకొని, భూమిని ఈ దినమే తమ స్వాధీనపరచినాను గనుక..." అలా సాగుతుంది. స్వాధీనపరచినాను అని రాస్తే చాలా, విడిగా స్వాధీన రసీదు ఏమన్నా తీసుకోవాలా? మా తమ్ముడు లేదంటున్నాడు.

ఓరుగల్లు వకీలు:
బాబాయ్, అది వేరే ముచ్చట. కాగితం చూడకుండ చెప్పలేం, అక్కడ ఎవరికన్నా చూపెట్టుండ్రి.

బెంచి గుమాస్తా (విశ్రాంత):
బాబాయి గారి దస్తావేజు మాత్రం వకీలు గారికి జవాబే. పొడవు వాక్యం తెలుగు మోయదన్నారు. దస్తావేజు లేఖరి ఎన్నాళ్లుగానో మోస్తున్నాడు. ఎలా మోయగలిగాడంటే, సంక్రమించినది భూమికి విశేషణం, విక్రయించి, పుచ్చుకొని, స్వాధీనపరచినవాడు ఒక్కడే. కర్త మారదు, పనులు జరిగిన వరసలోనే ఉన్నాయి. కర్త మారితే గొలుసు తెగుతుంది. పాత 420 తీసుకోండి. మోసగించేవాడు ఒకడు, ఆస్తి ఇచ్చేవాడు మోసపోయినవాడు. "మోసగించి, ఆస్తిని ఇచ్చి" అన్నారా, దొంగే దానం చేస్తున్నాడు. "మోసగించి, మోసపోయిన వ్యక్తి ఆస్తిని ఇచ్చేలా ప్రేరేపించిన" అని రెండో కర్తని లోపల విడిగా నిలబెట్టాలి.

ఓరుగల్లు వకీలు:
420లో ఆ తర్వాత "చేయడానికి, మార్చడానికి, నాశనం చేయడానికి" అని విలువైన పత్రాల పట్టీ వస్తది. అది కూడా ఒకే వాక్యంలో పెడ్తరా? అక్కడ నేను కోస్త, శిక్షను రెండో వాక్యంలో పెడ్త. నిర్వచనం ఒక్క వాక్యం సరే, శిక్ష కూడా అందులోనే ఉండాలని ఎక్కడుంది?

బెంచి గుమాస్తా (విశ్రాంత):
శిక్షని కోయండి, అభ్యంతరం లేదు. "అలాంటి వ్యక్తికి" అని రెండో వాక్యం మొదలుపెడితే ముడి నిలుస్తుంది.

అరసున్న:
అసలు "ఎవరైతే కదిలిస్తారో వారు" అని రాసేవాళ్లని ఏం చేయాలి? అది హిందీ "జో-వో". తెలుగుకి "కదిలించినవారు" ఒక్క మాట చాలు. విశేషణం ముందు, విశేష్యం వెనక.

పద్యాల పిచ్చి:
మళ్లీ పోతన దగ్గరికే రావాలి మీరు. "ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై" అంటూ ఎవ్వడు ఎవ్వడని పేర్చుకుంటూ పోయి, చివర్న "వాని నాత్మభవు నీశ్వరునే శరణంబు వేడెదన్". హూఎవర్ సెక్షన్‌కి అచ్చమైన నమూనా. ఎవ్వడు-వాడు జంట మనకి హిందీ నేర్పలేదు.

అరసున్న:
హిందీ కాదు, సంస్కృతం నేర్పింది. మూలం చూడండి: "యస్మిన్నిదం యతశ్చేదం" అని మొదలై "తం ప్రపద్యే" అని ముగుస్తుంది. యత్-తత్. పోతన అనువదిస్తున్నాడండీ, ఆయనా మన కుర్రాడి అవస్థలోనే ఉన్నాడు.

పద్యాల పిచ్చి:
అనువదించినా మూలంలో లేని పని ఒకటి చేశాడు. "జనించు జగము" చూడండి. క్రియ ముందు, కర్త వెనక. "జనించు" సమాపక క్రియా, జగానికి విశేషణమా? చెవికి రెండూ. "-ఉ" రూపానికి ఆ రెండు ముఖాలూ ఉండబట్టే పద్యం అలా పారుతుంది.

అరసున్న:
విశేషణమైతే "ఎవ్వనిచే" దేనితో కలుస్తుంది? అన్వయం ఆగిపోతుంది. సమాపకమే.

బెంచి గుమాస్తా (విశ్రాంత):
పద్యానికి రెండు ముఖాలు అందం, సెక్షన్‌కి అదే జబ్బు. "ఆ సొత్తును కదల్చు వాడు" అని విడదీసి రాస్తే, "వాడు సొత్తును కదల్చును" అని చదివేవాడికి అడ్డేముంది? "కదిలించిన" అయితే ఆ దారి లేదు. అది ఎన్నటికీ సమాపకం కాదు.

పద్యాల పిచ్చి:
అలాగైతే ముందు ముందు చేయబోయే నేరానికి భూతకాలం ఎలా వేస్తారు? ఇంగ్లీషువాడు "మూవ్స్" అన్నాడు, "మూవ్డ్" అనలేదు.

బెంచి గుమాస్తా (విశ్రాంత):
"ముందొచ్చినవాడికి ముందు" అంటాం, ఇంకా ఎవరూ రాకముందే. "-న" ఇక్కడ కాలం చెప్పదు, పని పూర్తయిందని చెబుతుంది.

అరసున్న:
అది నేను ఒప్పుకోను. అక్కడ భవిష్యత్తు అర్థం సందర్భం ఇస్తోంది, ప్రత్యయం కాదు.

కృష్ణలంక కుర్రాడు:
నేను "కదిలించిన వ్యక్తి" అనే పెడుతున్నాను. కానీ ఇప్పుడు కుక్క ఉదాహరణ దగ్గర పడ్డాను. జేబులో ఎర పెట్టుకుని ఎవరిదో కుక్కని వెంట రప్పించుకుంటాడు. కుక్క నడవడం మొదలుపెట్టగానే దొంగతనం. కదిలింది కుక్క, కదిలించింది ఇతను. "కదిలించిన" అంటే చెయ్యి వేసినట్టు లేదూ? "కదిలేలా చేసిన" అనాలా?

పద్యాల పిచ్చి:
"కదల్చు"లో ఆ ప్రేరణార్థం ఎప్పుడో ఉంది. కదలు, కదల్చు. చెయ్యి వేయాలని ఎక్కడుంది?

ఓరుగల్లు వకీలు:
సెక్షన్ వివరణలోనే ఉన్నది: జంతువును ఏ రకంగ కదిలించినా దాన్ని కదిలించినట్టే. "కదిలేలా చేసిన" అక్కర్లేదు.

డల్లాస్ బాబాయి:
కుక్క చరాస్తా?