పాప పిలిచిన ప్రతిసారీ పలకాలా?

మా పాపకి 8 ఏళ్లు. ఒంటరిగా పడుకోవాలంటే భయం, నిద్రపట్టేదాకా నేను పక్కనే కూర్చోవాలి. కౌన్సెలర్ పాపకి కాదు, ముందు మాకే పని చెప్పారు: ఆ కూర్చోవడం కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఏం మారబోతోందో పగలే పాపకి చెప్పాం. రాత్రి "భయంగా ఉందని తెలుసు, అయినా నువ్వు తట్టుకోగలవు" అని బయటికొచ్చి, 5 నిమిషాలకోసారి తొంగిచూస్తున్నాను. పొద్దున్నే "గుడ్ గర్ల్" అనకుండా "నేను బయటికెళ్లినా మంచం దిగలేదు, ధైర్యం చేశావు" అని మెచ్చుకుంటున్నాం. మొదట్లో ఏడుపు పెరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి దానికి కంగారు పడలేదు.

చిక్కల్లా ఇప్పుడు వచ్చింది. మంచం దిగట్లేదు కానీ, లోపలినుంచే "అమ్మా, ఉన్నావా?" అని పిలుస్తూనే ఉంటుంది. నేను "ఉన్నా" అంటే కాసేపు ఊరుకుని మళ్లీ మొదలు. అంటే కుర్చీ పోయి నా గొంతు వచ్చిందన్నమాట! పైగా నేను పలకకపోతే మా అత్తయ్యగారు మనసొప్పక వెళ్లి పక్కన పడుకుంటున్నారు.

ఇది దాటినవాళ్లు చెప్పండి: ఒక్కసారి పలికి ఆపేశారా, లేక ముందు తొంగిచూసే వ్యవధి పెంచారా? ఇంట్లో పెద్దవాళ్లని ఎలా ఒప్పించారు?