చెన్నై అద్దెకు బెంగళూరు లెక్క: ఎక్కువ కోసిన టీడీఎస్ సరిచేయమని పేరోల్‌కు లేఖ ఎలా రాయాలి?

వేళచ్చేరి శ్రీలత (2025 ఫిబ్రవరి)

అందరికీ నమస్కారం. నేను చెన్నై తరమణిలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తూ వేళచ్చేరిలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. మా సంస్థ ప్రధాన కార్యాలయమూ, పేరోల్ విభాగమూ బెంగళూరులో ఉన్నాయి. 2024-25కి నేను పాత పన్ను విధానాన్నే ఎంచుకున్నాను. నా బేసిక్ నెలకు 80,000, హెచ్‌ఆర్‌ఏ 40,000, ప్రత్యేక భత్యం 50,000 రూపాయలు. ఇంటి అద్దె 45,000.

అద్దె రసీదులు, ఒప్పంద పత్రం, ఇంటి యజమాని పాన్ నంబరు అన్నీ జనవరిలో పోర్టల్‌లో పెట్టాను, ఆమోదించినట్టు సందేశం కూడా వచ్చింది. అయినా జనవరి పే స్లిప్‌తో పాటు ఇచ్చిన పన్ను లెక్కలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు సంవత్సరానికి 3,84,000 అనే ఉంది. నా లెక్క ప్రకారం అది 4,44,000 ఉండాలి. ఏప్రిల్ నుంచి నెలకు 21,606 రూపాయల చొప్పున పన్ను కోస్తున్నారు. ఈ కింది లేఖను ఆంగ్లంలోకి మార్చి పంపాలనుకుంటున్నాను. దయచేసి చదివి చెప్పండి.

"అయ్యా, నా హెచ్‌ఆర్‌ఏ మినహాయింపును తప్పుగా లెక్కించినందువల్ల ఈ సంవత్సరమంతా నా జీతం నుంచి ఎక్కువ పన్ను కోశారు. అన్ని రుజువులూ సమర్పించినప్పటికీ ఇలా జరగడం బాధాకరం. ఎక్కువగా కోసిన సొమ్మును వెంటనే నా బ్యాంకు ఖాతాకు తిరిగి చెల్లించవలసిందిగా కోరుతున్నాను."

కడప రమణ

శ్రీలత గారూ, ఈ లేఖతో మీకు ఒరిగేదేమీ ఉండదని నా అభిప్రాయం. పేరోల్ వాళ్లు ఎంత మినహాయింపు ఇచ్చినా ఇవ్వకపోయినా, జూలైలో రిటర్న్ వేసేటప్పుడు సరైన అంకె మీరే వేసుకోవచ్చు, రీఫండ్ వస్తుంది. నేను ఒక ఏడాది రసీదులు సమయానికి ఇవ్వలేకపోయినప్పుడు అలాగే చేశాను, డబ్బు వచ్చింది. వాళ్లతో ఉత్తరప్రత్యుత్తరాలు పెట్టుకోవడం కన్నా అదే సులువు.

నాగభూషణం (పేరోల్ విశ్రాంత ఉద్యోగి, మైలాపూర్)

రమణ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఉద్యోగ సంస్థ ఇవ్వని హెచ్‌ఆర్‌ఏ మినహాయింపును రిటర్న్‌లో కోరే హక్కు మనకు ఉంది. అయితే ఫారం 16లో 3,84,000 ఉండి రిటర్న్‌లో 4,44,000 చూపితే, ఆ రెండు అంకెలకూ పొంతన కుదరక ఆదాయపు పన్ను శాఖ వివరణ అడిగే అవకాశం ఉంటుంది. సంస్థ చేతిలో ఇంకా రెండు జీతాలు ఉన్నప్పుడు మూలంలోనే సరిచేయించుకోవడం మేలు.

అమ్మా శ్రీలతా, ముందు పొరపాటు ఎక్కడ జరిగిందో చూద్దాం. మీ పన్ను లెక్కలోని 3,84,000ను 12తో భాగిస్తే నెలకు 32,000 వస్తుంది. అది మీ 80,000 బేసిక్‌లో సరిగ్గా 40 శాతం. నియమం ప్రకారం మూడు మొత్తాలలో ఏది తక్కువైతే అది మినహాయింపు అవుతుంది. మీకు ముట్టిన హెచ్‌ఆర్‌ఏ 40,000. అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేస్తే 37,000. మూడోది బేసిక్‌లో ఊరిని బట్టి మారే శాతం. ముంబయి, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నైలలో నివసించేవారికి 2024-25లో అది 50 శాతం, మిగతా అన్ని ఊళ్లకూ 40 శాతం. మీకు మూడోది 40,000 కావాలి, అప్పుడు అన్నిటికన్నా తక్కువ 37,000 అవుతుంది కనుక సంవత్సరానికి 4,44,000 అన్న మీ లెక్కే సరైనది. వాళ్లు మిమ్మల్ని బెంగళూరు మనిషిగా లెక్కగట్టారు.

మీ పోర్టల్ ప్రొఫైల్‌లో `Base Location` అనే వరుస ఉంటే తెరిచి చూడండి. చాలా పేరోల్ సాఫ్ట్‌వేర్‌లు ఇంటి చిరునామాను పట్టించుకోవు, ఉద్యోగి రికార్డులో ఉన్న కార్యాలయ స్థలాన్ని బట్టి 50 శాతం వర్తించే మెట్రో నగరం అవునా కాదా అన్న గుర్తు పెట్టేస్తాయి. నియమం మాత్రం మీరు నివసించే ఇల్లు ఎక్కడుందనే చూస్తుంది, ఆఫీసు ఎక్కడుందని చూడదు.

ఇక లేఖ సంగతి. "ఖాతాకు తిరిగి చెల్లించండి" అన్న మాటను తప్పక తీసేయండి. కోసిన పన్నును మరుసటి నెల 7వ తేదీలోగా ప్రభుత్వానికి కట్టేయాలి కనుక ఆ డబ్బు ఇప్పుడు వాళ్ల దగ్గర లేదు. మీరు డబ్బు తిరిగి ఇమ్మంటే, "అది మా చేతిలో లేదు, రిటర్న్‌లో అడగండి" అని ఒక్క వాక్యంలో మూసేస్తారు, ఆ మాటలో తప్పు కూడా పట్టలేం. వాళ్ల చేతిలో ఉన్న పని వేరు. ఆదాయపు పన్ను చట్టం 192(3) సెక్షన్ ప్రకారం, అదే ఆర్థిక సంవత్సరంలో ముందు ఎక్కువగానో తక్కువగానో కోసిన పన్నును మిగిలిన నెలల కోతలో సర్దుబాటు చేసే అధికారం యజమానికి ఉంది. మీరు అడగవలసింది ఆ సర్దుబాటు. మార్చి జీతం ప్రాసెస్ అయిపోతే ఆ దారి మూసుకుపోతుంది.

మారతహళ్ళి మధు

నాదీ అచ్చంగా ఇదే సమస్య. నేను బెంగళూరులోనే ఉంటాను, నాకూ 40 శాతమే ఇస్తున్నారు. హైదరాబాదు, బెంగళూరు ఇంత పెద్ద నగరాలై ఉండి మెట్రో కాకపోవడం ఏమిటి? నేనూ ఇదే లేఖ పంపవచ్చా?

నాగభూషణం

మధు గారూ, మీ ఆవేదన న్యాయమైనదే అయినా మీకు ఈ లేఖ పనికిరాదు. 2024-25కి వర్తించే నియమంలో ఆ నాలుగు నగరాలే ఉన్నాయి. మీకు 40 శాతం సరైన లెక్క, పేరోల్ వారి తప్పేమీ లేదు.

తాంబరం భారతి

నాకొక సందేహం ఉంది. మేము తాంబరంలో ఉంటున్నాం. ఇది ఇప్పుడు వేరే నగరపాలక సంస్థ, జిల్లా కూడా చెంగల్పట్టు. పాత సంస్థలో నాకు 50 శాతం ఇచ్చేవారు, ఇప్పటి సంస్థలో ఇది చెన్నై కాదని 40 శాతమే ఇస్తున్నారు. ఏది సరైనది?

నాగభూషణం

నియమంలో నగరం పేరు మాత్రమే ఉంది, పొలిమేరలు గీయలేదు. మా సంస్థలో గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ పరిధిని ప్రమాణంగా తీసుకునేవాళ్లం, కాబట్టి తాంబరానికి 40 శాతమే ఇచ్చేవాళ్లం. నా మట్టుకు అదే భద్రమైన పద్ధతి అనిపిస్తుంది. వేళచ్చేరి కార్పొరేషన్ లోపలే ఉంది కనుక శ్రీలతకు ఈ పేచీ లేదు.

తాంబరం భారతి

కానీ పాత సంస్థ ఆడిటర్లు పిన్‌కోడ్ 600తో మొదలైతే చాలని ఒప్పుకున్నారు. వాళ్లూ చదువుకున్నవాళ్లే కదా. నేను ఈ విషయం మరొకరితో కూడా మాట్లాడి చూస్తాను.

వేళచ్చేరి శ్రీలత

నాగభూషణం గారూ, మీరు చెప్పినట్టే చూశాను. మా ప్రాజెక్టు బెంగళూరు బృందానిది కావడం వల్ల నా రికార్డులో `Base Location: Bengaluru` అని ఉంది. లేఖను మళ్లీ రాశాను.

"గౌరవనీయులైన పేరోల్ విభాగం వారికి,

విషయం: 2024-25లో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు సవరణ, మిగిలిన జీతాలలో టీడీఎస్ సర్దుబాటు.

జనవరి పన్ను లెక్కలో నా హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు 3,84,000 రూపాయలుగా, అంటే బేసిక్‌లో 40 శాతంగా చూపబడింది. నేను సంవత్సరమంతా చెన్నై వేళచ్చేరిలో నివసించినట్టు మీరు ఆమోదించిన ఫారం 12బిబి, అద్దె ఒప్పందం, రసీదులు చూపుతున్నాయి. ఆదాయపు పన్ను నియమాలలోని 2ఏ ప్రకారం చెన్నైలోని నివాసానికి 50 శాతం పరిమితి వర్తిస్తుంది. అందువల్ల, అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసివేయగా మిగిలే 37,000 రూపాయలు నెలవారీ మినహాయింపు అవుతుంది, అది సంవత్సరానికి 4,44,000 రూపాయలు.

ఈ 60,000 తేడా వల్ల నా వార్షిక పన్ను 2,59,272కు బదులు 2,40,552 రూపాయలు కావాలి. జనవరి వరకు 2,16,060 రూపాయలు కోసినందున, ఇంకా కోయవలసింది 24,492 రూపాయలు మాత్రమే. 192(3) సెక్షన్ కింద ఈ సవరణను ఫిబ్రవరి, మార్చి జీతాలలో సర్దుబాటు చేయవలసిందిగానూ, నా రికార్డులో నివాస నగరాన్ని చెన్నైగా నమోదు చేయవలసిందిగానూ కోరుతున్నాను. సవరించిన పన్ను లెక్కను మార్చి జీతం ప్రాసెస్ చేయడానికి ముందే పంపితే కృతజ్ఞురాలిని."

నాగభూషణం

ఇది చదివిన మనిషికి మళ్లీ మీ ఫైలు వెతికే పని ఉండదు. పాత లెక్క, సరైన లెక్క, ఇంకా కోయవలసిన మొత్తం ఒకేచోట ఉన్నాయి. 80సి కింద లక్షన్నర, ప్రామాణిక తగ్గింపు 50,000 వేసి నేనూ సరిచూశాను, మీ అంకెలు సరిపోయాయి. పన్ను లెక్క పేజీ, ఫారం 12బిబి మాత్రం జతపరచండి. రసీదులన్నీ మళ్లీ పంపితే రుజువుల పరిశీలన మొదటి నుంచి మొదలుపెడతారు, ఆలస్యమవుతుంది. మెయిల్‌తో సరిపెట్టకుండా హెల్ప్‌డెస్క్‌లో టికెట్ కూడా వేయండి, తేదీ నిలిచి ఉంటుంది.

కడప రమణ

ఒకవేళ ఫిబ్రవరిలో కూడా పాత లెక్కే కోసేస్తే?

నాగభూషణం

అప్పుడు కోత మొత్తం 2,37,666 అవుతుంది, సరైన పన్నుకు ఇంకా 2,886 తక్కువ ఉంటుంది కాబట్టి మార్చిలో ఆ 2,886 మాత్రమే కోస్తే చాలు. మార్చిలో కూడా పాత లెక్కే కోస్తే 18,720 ఎక్కువ కట్టినట్టవుతుంది, అప్పుడు రమణ గారు చెప్పిన రిటర్న్ దారే గతి.

వేళచ్చేరి శ్రీలత

జవాబు వచ్చింది. ఫిబ్రవరి జీతాల ఇన్‌పుట్లు అప్పటికే మూసేశారట, మార్చిలో పూర్తిగా సర్దుతామని రాశారు. సవరించిన లెక్కలో మినహాయింపు 4,44,000గా, మార్చి కోత 2,886గా కనిపిస్తోంది. `Base Location` మార్చడం మాత్రం తమ పరిధిలో లేదని, హెచ్‌ఆర్ విభాగాన్ని అడగమన్నారు. అది మారకపోతే ఏప్రిల్‌లో మళ్లీ 40 శాతమే పడుతుందా?

నాగభూషణం

పడే అవకాశం ఎక్కువ. ఇది ఈ లేఖతో తీరే విషయం కాదు కనుక హెచ్‌ఆర్‌కు విడిగా రాయండి, మీరు వచ్చే ఏడాదికి ఏ పన్ను విధానం ఎంచుకున్నా సరే రికార్డులో నగరం సరిగా ఉండాలి. జూన్ 15లోగా ఫారం 16 అందాక పార్ట్ బిలో హెచ్‌ఆర్‌ఏ అంకె 4,44,000గా ఉందో లేదో చూడండి. కొన్నిచోట్ల జీతంలో సర్దుబాటు చేసి, సంస్థ దాఖలు చేసే నాలుగో త్రైమాసికపు టీడీఎస్ పత్రం 24క్యూలో పాత అంకెనే ఎక్కించేస్తారు. అలా జరిగితే రిటర్న్ వేయక ముందే సవరించిన 24క్యూ దాఖలు చేసి కొత్త ఫారం 16 ఇమ్మని, ఇదే టికెట్ నంబరుతో అడగండి.