12 వోల్టుల ఫ్లాషర్ లెక్క కన్నా గబగబా కొట్టుకుంటోంది, ట్రాన్సిస్టర్లు వదిలేసి 555 పెట్టాలా?

ఆటోనగర్_వైరింగ్
ప్యాసింజర్ ఆటోకి ఇండికేటర్ ఫ్లాషర్ సొంతంగా చేశా. రెండు BC547, బేస్ రెసిస్టర్లు 47కె, కెపాసిటర్లు 10 మైక్రో, కలెక్టర్లలో 1కె, ఒక కలెక్టర్ నుంచి 10కె గుండా మూడో ట్రాన్సిస్టర్. 0.69 ఫార్ములా ప్రకారం నిమిషానికి 92 సార్లు వెలగాలి. 5 వోల్టులిస్తే 81, 12కి 109, బండి స్టార్ట్ చేస్తే 14.4 దగ్గర 127. ఫార్ములా తప్పా నా బోర్డు తప్పా? 555 పెట్టెయ్ అంటున్నారు మావాళ్లు.

సోల్డర్_పొగ
బోర్డూ తప్పు కాదు ఫార్ములా తప్పూ కాదు, కెపాసిటర్ తప్పు. ఎలక్ట్రోలిటిక్ మీద 10 అని రాసుంటే లోపల 8 ఉండొచ్చు 12 ఉండొచ్చు, ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం అని వాడే చెప్తాడు. గవర్నర్‌పేటలో మంచి కంపెనీవి కొని మళ్లీ వేసి చూడు.

ఆటోనగర్_వైరింగ్
అన్నా మూడు రీడింగులూ అదే బోర్డు మీద, అవే కెపాసిటర్లతో, పవర్ సప్లై నాబ్ తిప్పుతూ ఫోన్లో వీడియో తీసి లెక్కపెట్టినవి. నాబ్ తిప్పితే కెపాసిటర్ చిన్నదవ్వదు కదా.

సోల్డర్_పొగ
అదీ నిజమే. కానీ 0.69 × R × C లో వోల్టేజే లేదుగా, మరి వోల్టేజ్ పెంచితే స్పీడ్ ఎందుకు మారాలి?

లాబ్_మాస్టారు_గుంటూరు
ఆ ప్రశ్నలోనే ఉంది బాబూ అసలు సంగతి. 0.69 ఎక్కడిదో చూస్తే వోల్టేజ్ ఎక్కడ దాక్కుందో కనపడుద్ది.

ఒక ట్రాన్సిస్టర్ ఆన్ అవగానే దాని కలెక్టర్ 12 నుంచి దాదాపు సున్నాకి పడిపోద్ది. కెపాసిటర్ తన మీదున్న వోల్టేజ్‌ని ఉన్నపళంగా వదులుకోదు కాబట్టి దాని రెండో కాలు కూడా అంతే కిందికి దిగుద్ది, అంటే అవతలి ట్రాన్సిస్టర్ బేస్ 0.65 దగ్గర్నుంచి మైనస్ 11కి పోద్ది. అక్కడి నుంచి 47కె గుండా మెల్లగా పైకి, ప్లస్ 12 వైపు ఎక్కుతా ఉంటది. 0.65 దాటగానే ఆ ట్రాన్సిస్టర్ ఆన్, పాత్రలు తారుమారు. మైనస్ 12 నుంచి ప్లస్ 12 దాకా ప్రయాణంలో సున్నా అంటే సరిగ్గా సగం దారి, ఆ సగం దారికి పట్టే టైమే 0.69. అంటే ఫార్ములా రెండు విషయాలు ముందే అనేసుకుంది: బేస్ పూర్తిగా కిందికి దిగుద్దని, సున్నా దగ్గరే ట్రాన్సిస్టర్ మేలుకుంటదని.

5 వోల్టుల దగ్గర తప్పేది ఈ రెండోది. 5లో 0.65 చిన్న ముక్కేం కాదు. సరిగ్గా వేస్తే ఇలా ఉంటది:

```
t = R × C × ln((2·Vcc − Vbe − Vce) / (Vcc − Vbe))
```

5కి ఆ లాగరిథమ్ 0.75 వస్తది, అందుకే స్లో. నీ 10కె లోడ్ ఒక కలెక్టర్‌ని కాస్త కిందికి లాగుతోంది, అది కూడా కలిపితే నిమిషానికి 87 దాకా రావాలి. 81 వచ్చిందంటే కెపాసిటర్లు ఓ 8 శాతం పెద్దవి, ఆ ముక్క వరకు పైన ఆయన చెప్పింది కరెక్టే.

12 దగ్గర తప్పేది మొదటిది. BC547 బేస్-ఎమిటర్ జంక్షన్ రివర్స్‌లో 6 వోల్టుల వరకే తట్టుకుంటదని డేటాషీట్లో ఉంటది, అసలు పార్ట్‌లు ఏడో ఎనిమిదో దగ్గర జీనర్ లాగా కండక్ట్ చేస్తాయి. నువ్వు బావి పదకొండు గజాల లోతనుకుని లెక్కేశావు, ఏడున్నర దగ్గరే అడుగు తగిలింది, మరి చేద త్వరగా పైకి రాదా? మైనస్ 7.5 నుంచి మొదలుపెడితే లాగరిథమ్ 0.54కి పడిపోద్ది, నీ పెద్ద కెపాసిటర్లతో అదే నిమిషానికి 109. 14.4 ఇస్తే అడుగు అక్కడే ఉంది కానీ పైకి లాగే బలం పెరిగింది, 0.465 వస్తది, అదీ 127. నీ రీడింగులు నీ బోర్డు తప్పు కాదని చెప్తున్నాయి.

సోల్డర్_పొగ
మాస్టారూ ఇరవై ఏళ్లుగా ఫ్లాషర్లు చేస్తున్నా, 9 వోల్టుల బ్యాటరీ మీద ఎప్పుడూ ఈ తేడా రాలేదు.

లాబ్_మాస్టారు_గుంటూరు
రాదు. 9కి బేస్ మైనస్ 8కి కాస్త అటూ ఇటూ దిగుద్ది, అడుగు తగిలీ తగలనట్టుంటది. అందుకే లాబ్‌లో 5తో, 9తో చేసిన పిల్లలందరికీ ఫార్ములా బాగానే పనిచేస్తది, బండికి పెట్టిన రోజు బయటపడుద్ది. స్కోప్ ఉంటే బేస్ మీద పెట్టి చూడండి, కిందికి దిగిన వేవ్ కొన మైనస్ 7, 8 మధ్య కోసేసినట్టు ఆగిపోతే అదే. సప్లై పెంచినా ఆ కొన కిందికి దిగదు. స్కోప్ లేకపోతే ఇతను చేసిన పనే చాలు, నాబ్ తిప్పి లెక్కపెట్టడం.

బ్రాడీపేట_555
ఇంత గొడవెందుకండీ, 555 పెడితే వోల్టేజ్ గోలే ఉండదు కదా. లోపల మూడు సమాన రెసిస్టర్లు సప్లైని మూడు భాగాలు చేస్తాయి, కెపాసిటర్ మూడింట ఒక వంతు నుంచి మూడింట రెండు వంతులకీ మళ్లీ కిందికీ తిరుగుతా ఉంటది. సప్లై పెరిగితే గీతలూ అంతే పెరుగుతాయి, లాగరిథమ్ ఎప్పుడూ 0.693 దగ్గరే. 1970ల మొదట్లో సిగ్నెటిక్స్ వాళ్లు తెచ్చిన చిప్ ఇప్పటికీ వాడుతున్నామంటే ఊరికే కాదు. ఇంకా ట్రాన్సిస్టర్లు పట్టుకుని వేలాడ్డం మొండితనం.

కృష్ణాతీరం_లత
నాకు 555తో వేరే బాధండీ, ఎవరైనా చెప్పగలరా. నర్సరీలో మిస్ట్ వాల్వ్‌కి సగం టైం ఆన్ సగం టైం ఆఫ్ కావాలని 5 వోల్టులకి పెట్టా. మామూలుగా చార్జింగ్ రెండు రెసిస్టర్ల గుండా డిశ్చార్జి ఒకదాని గుండా కాబట్టి ఆన్ ఎప్పుడూ ఎక్కువే వస్తదని, కింది రెసిస్టర్‌కి అడ్డంగా డయోడ్ పెట్టమన్నారు, రెండూ సమానంగా 47కె వేశా. 50 రావాలి కదా, 57 శాతం వస్తోంది. మొక్కలకేం కాలేదనుకోండి, కానీ ఎందుకు?

బ్రాడీపేట_555
కెపాసిటర్ లీకేజ్ అయ్యుంటుందండీ, మార్చి చూడండి.

లాబ్_మాస్టారు_గుంటూరు
లీకేజ్ కాదమ్మా, ఆ డయోడే. చార్జ్ అయ్యేటప్పుడు డయోడ్ తన 0.6 తను తినేస్తది, అంటే కెపాసిటర్ 5 వైపు కాదు 4.4 వైపు ఎక్కుతున్నట్టు. 1.67 నుంచి 3.33కి పోవడానికి 0.69 కాదు 0.94 పడుద్ది. డిశ్చార్జ్‌లో డయోడ్‌కి పని లేదు, అక్కడ 0.69 అలాగే ఉంటది. 0.94 బై 1.63, మీ 57 శాతం అదే. 12 వోల్టులకైతే ఇదే సర్క్యూట్ 53 దగ్గరకొస్తది. మీకు 5లోనే 50 కావాలంటే పై రెసిస్టర్‌ని 35కె చేసుకోండి, దగ్గర్లో 33కె, 36కె దొరుకుతాయి.

బ్రాడీపేట బాబూ, నువ్వు చెప్పిన "వోల్టేజ్ గోల లేదు" అన్నది డయోడ్ లేనంత వరకే. డ్యూటీ సగానికో అంతకన్నా కిందకో తేవాలని డయోడ్ పెట్టావంటే ఆ గుణం సగం పోయినట్టే.

కృష్ణాతీరం_లత
36కె వేశానండీ, 51 వస్తోంది. చాలు.

ఆటోనగర్_వైరింగ్
ఇంతకీ నా బోర్డుకి ఏం చెయ్యమంటారు మాస్టారూ? కస్టమర్ రేపు బండికొస్తాడు, 127 అంటే ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 మధ్య ఉండాలన్న రూలే దాటేసింది.

లాబ్_మాస్టారు_గుంటూరు
రెండు బేస్‌లకీ చెరో 1N4148 సిరీస్‌లో పెట్టు. కెపాసిటర్, 47కె కలిసే చోట డయోడ్ ఆనోడ్, గీత ఉన్న వైపు బేస్‌కి. అప్పుడు కిందికి దిగే వోల్టేజ్‌ని డయోడ్ మోస్తది, అది 75 దాకా తట్టుకుంటది. లేకపోతే ప్రతి బ్లింక్‌కీ ఆ జంక్షన్ గుండా రివర్స్ కరెంట్ పోతా ఉంటది, కొన్నాళ్లకి ట్రాన్సిస్టర్ గెయిన్ తగ్గుద్ది.

సోల్డర్_పొగ
డయోడ్ ఎందుకు, కలెక్టర్ 1కెని మార్చి స్పీడ్ అడ్జస్ట్ చేసుకోవచ్చుగా.

లాబ్_మాస్టారు_గుంటూరు
1కె మారిస్తే టైమింగ్ దాదాపు కదలదు బాబూ. అది చేసేది వేరే పని, ఖాళీ అయిన కెపాసిటర్‌ని మళ్లీ నింపుతది. 1కె, 10 మైక్రో అంటే నిండడానికి 50 మిల్లీ సెకన్లు, ఆ లోపల అవతలి వంతు అయిపోతే సగం నిండి బయల్దేరుద్ది, లెక్కంతా చెడుద్ది. దీపం వెలిగే టైం మార్చాలంటే, మూడో ట్రాన్సిస్టర్‌ని నడిపే వైపు బేస్ రెసిస్టర్ మార్చు, ఆరిపోయే టైంకి రెండోది. కానీ 47కెని తీసుకెళ్లి 150కె చేస్తానంటే కుదరదు, బేస్‌కి వచ్చే కరెంట్ 0.08 మిల్లీ ఆంప్‌కి పడిపోద్ది, కలెక్టర్‌లో 12 మిల్లీ ఆంప్‌లు లాగాలంటే గెయిన్ 150 ఉండాలి, తక్కువ గెయిన్ గ్రూపు BC547కి 110 మాత్రమే గ్యారంటీ. కలెక్టర్ పూర్తిగా కిందికి రాదు, దీపం మసకగా మిణుకుతా ఉంటది.

ఆటోనగర్_వైరింగ్
పెట్టా. 12కి 82, ఇంజన్ స్టార్ట్ చేసి 14.4కి 83! కానీ 5 వోల్టులకి ఇంకా స్లో అయింది, 73.

లాబ్_మాస్టారు_గుంటూరు
డయోడ్ 0.6 కూడా ఇప్పుడు దాటాల్సిన గడపలో కలిసింది, 5లో అది బాగా కనపడుద్ది. నీ బండి 5 వోల్టులకి నడవదు కదా.

బ్రాడీపేట_555
ఒప్పుకుంటా ఈ బోర్డు నిలబడింది. అయినా రెండు డయోడ్లు, ఓ పూట టైం పెట్టాక 82, 83. నేనైతే 555తో పది నిమిషాల్లో అయిపోయేది, ఇండికేటర్‌కి ఆన్ కాస్త ఎక్కువైనా ఎవరడుగుతారు.

సోల్డర్_పొగ
నీ NE555 పని చేసేది 16 వోల్టుల దాకే, బండి వైరింగ్‌లో హారన్ కొట్టినప్పుడు ఎంత స్పైక్ వస్తదో ఎప్పుడైనా చూశావా? BC547కి 45 దాకా దిగులు లేదు.

బ్రాడీపేట_555
ముందు 100 ఓమ్స్, తర్వాత 15 వోల్టుల జీనర్ ఒకటి పడేస్తే సరి.

సోల్డర్_పొగ
అదిగో, నువ్వూ ఇంకో రెండు పార్ట్‌లు కలిపావు.

ఆటోనగర్_వైరింగ్
మీరు కొట్టుకోండి, కస్టమర్ వచ్చాడు బిగించి వస్తా. మాస్టారూ, వేసవిలో బ్యానెట్ కింద వేడికి ఈ కెపాసిటర్లు ఎన్నాళ్లుంటాయి, 105 డిగ్రీలవి వేసుంటే బాగుండేదా?